ఫొటోలో వచ్చిన శుభలేఖను వినదగ్గట్టు రాయడం: టెస్సరాక్ట్‌తో మూడేళ్లు

మా పెదనాన్నకు చూపు పోయి ఐదేళ్లయింది. ఫోనుకు ఏది వచ్చినా తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో చదివించుకొని వింటారు. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం ఆ ఫోను "చిత్రం" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ఇప్పుడు శుభలేఖ అంటే వాట్సాప్‌లో వచ్చే ఫొటోయే కదా! వాటిని అక్షరాలుగా మార్చి పంపే పని మూడేళ్ల కిందట నా మీద పడింది. అప్పటి నుంచి ఫొటోలోని అక్షరాలను గుర్తించే టెస్సరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వాడుతున్నాను. ఎనభైకి పైగా శుభలేఖలు దాని చేతుల మీదుగా వెళ్లాయి.

శుభలేఖ మొత్తాన్ని ఒకేసారి అప్పగిస్తే అది పనికిరాదు. ముక్కలు చేసి ఇస్తే సగం శ్రమ తగ్గిస్తుంది. ఎక్కడ కోయాలో మాత్రం మనమే తేల్చుకోవాలి.

2025 శ్రావణంలో జరిగిన ఒక పెళ్లి శుభలేఖ చెబుతాను. పేర్లు మార్చాను. అది ఆడపిల్లవారు వేయించిన లేఖ. పైన విల్లులా వంచి శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. దాని కింద తిథి వార నక్షత్రాల పేరా. నడుమ ఎడమవైపు వధువు, కుడివైపు వరుడు, వారి మధ్య పువ్వులో ఇంగ్లీషు అక్షరాలతో "వెడ్స్". అడుగున రెండు గడులు, ఒకటి వేదికకు, ఒకటి విందుకు. రెండో పుటలో ఇదే ఇంగ్లీషులో.

మొదటిసారి మొత్తం ఫొటోను ఇచ్చేశాను. అది రెండు నిలువు వరుసలను కలిపి అడ్డంగా చదివింది. "మా ద్వితీయ పుత్రిక శ్రీ ఫలానావారి ప్రథమ పుత్రుడు చి.ల.సౌ. సుమతి వెడ్స్ చి. రాఘవ ని కిచ్చి" అని వచ్చింది. తొందరలో చూసుకోకుండా పంపాను. పెదనాన్న ఫోను చేసి, "ఒరేయ్, పుత్రిక పుత్రుడెలా అయిందిరా?" అని నవ్వారు.

నాకు దారి చూపింది చివర వేలాడిన ఆ "ని", "కిచ్చి" అనే రెండు ముక్కలే. శుభలేఖ చూడటానికి బొమ్మలా ఉన్నా, లోపల ఉన్నది ఒకే పొడవైన వాక్యం. ఫలానా రోజున మా పుత్రిక సుమతిని, ఫలానావారి పుత్రుడు రాఘవకిచ్చి వివాహం చేయడానికి పెద్దలు నిశ్చయించారు, కాబట్టి రండి. అచ్చువేసేవారు పేరును పెద్ద వంకర అక్షరాల్లో పెట్టి, దాని విభక్తిని కింద చీమంత చేసి పెడతారు. ఏ పేరు కింద "ని" ఉందో, ఏ పేరు కింద "కిచ్చి" ఉందో చూస్తే ఎవరు ముందో, ఎవరు తరువాతో తెలిసిపోతుంది. మగపిల్లవారి లేఖలో వరుస మారుతుంది, "మా ప్రథమ పుత్రునకు" అని మొదలవుతుంది. అందుకే ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి అనే సూత్రం పెట్టుకోకూడదు. పువ్వులోని "వెడ్స్" వాక్యంలో భాగం కాదు. దాన్ని నేను తీసేస్తాను.

ఇప్పుడు ఫొటోను ఆరేడు ముక్కలుగా కోస్తాను: పైనున్న శ్రీరస్తు వరుస, తేదీ పేరా, వధువు వరుస, వరుడి వరుస, ఆహ్వాన వాక్యం, గడులు. ఒక్కో ముక్కకు ఒకే లిపి ఉండేలా చూస్తాను. తెలుగు ముక్కకు ఈ ఆజ్ఞ:

```
tesseract vadhuvu.png vadhuvu -l tel --psm 6
```

చివరి 6 అంటే ముక్క మొత్తాన్ని ఒకే అక్షరాల దిమ్మెగా చూడమని. ఇంగ్లీషు ముక్కకు `tel` బదులు `eng`. రెండు భాషలనూ కలిపి `tel+eng` అని ఇవ్వవచ్చు. మొదట్లో అదే ఇచ్చేవాణ్ని. దానివల్ల "చి॥ల॥సౌ॥" లోని నిలువు గీతలు ఇంగ్లీషు ఐ అక్షరాలుగానో, పదకొండుగానో మారేవి. పెదనాన్న ఫోను "చి పదకొండు ల పదకొండు సౌ" అని చదివేది. ఒకే భాష ఇచ్చాక అది చాలావరకు తగ్గింది. అయినా నేనిప్పుడు ఆ పొట్టి రూపాలను విప్పి చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని పూర్తిగా రాస్తాను. చూసేవారికి పొట్టి రూపం చాలు, వినేవారికి చాలదు.

ఎరుపు మీద బంగారు అక్షరాలుంటే ముందు ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, అక్షరం నల్లగా, నేల తెల్లగా వచ్చేలా తిప్పాలి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపమని అడగండి, అక్షరాల అంచులు చెదరకుండా వస్తాయి.

అలంకార అక్షరాల దగ్గర మాత్రం దీన్ని నమ్మను. తలకట్టును తీగలా సాగదీస్తే ప, వ ఒకటైపోతాయి. థ, ధ మధ్య ఉన్న తేడా కడుపులోని చుక్క ఒక్కటే, అది నగిషీలో కలిసిపోతుంది. ఇంటిపేర్లలో ఇది ప్రమాదం, ఎందుకంటే తప్పు చదివినా మరో ఇంటిపేరు కావచ్చు, అనుమానమే రాదు. ఇంగ్లీషు పుటలో అదే పేరు ఏ అక్షరాలతో ఉందో చూస్తాను. ప, వ చిక్కు అక్కడ తీరిపోతుంది. థ, ధల చిక్కు అన్నిసార్లూ తీరదు, ఎందుకంటే ఇంగ్లీషులో వాటిని ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. అప్పుడు పిలిచినవారికే ఫోను చేస్తాను. పేర్లన్నీ నేనే టైపు చేస్తాను.

అన్నిటికంటే నన్ను తికమకపెట్టింది తేదీ. తెలుగు పుటలో 03-08-2025 ఆదివారం రాత్రి గం. 2.47 ని.లకు, పక్కన బ్రాకెట్లలో సన్నగా "తెల్లవారితే సోమవారం". ఇంగ్లీషు పుటలో 4వ తేదీ సోమవారం, తెల్లవారుజామున 2.47. అచ్చుతప్పనుకొని ఒకదాన్ని దిద్దబోయాను. రెండూ ఒప్పే. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారంలో అర్ధరాత్రితో మారుతుంది. ఇంగ్లీషు పుటలోని 4వ తేదీని తెలుగు పుటలోని "రాత్రి"తో కలిపితే మాత్రం బంధువులు ఒకరోజు ఆలస్యంగా దిగుతారు. ఆ సన్నని బ్రాకెట్ల మాటనే టెస్సరాక్ట్ రెండుసార్లు వదిలేసింది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే దాన్ని వెతికి మరీ పట్టుకుంటాను.

చివరికి పెదనాన్నకు పంపిన పాఠంలోని నడిమి భాగం ఇది:

"స్వస్తిశ్రీ చాంద్రమాన విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి, ఆదివారం, ఆగస్టు 3 రాత్రి 2 గంటల 47 నిమిషాలకు, తెల్లవారితే సోమవారం, అనూరాధా నక్షత్రయుక్త సుముహూర్తమున, మా ద్వితీయ పుత్రిక చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి సుమతిని, శ్రీ ఫలానా దంపతుల ప్రథమ పుత్రుడు చిరంజీవి రాఘవకిచ్చి వివాహము చేయుటకు పెద్దలు నిశ్చయించినారు."

దీని తరువాత ఆహ్వాన వాక్యం, ఆపైన వేదిక, విందు, చివర పిలిచేవారి పేర్లు. సారాంశం ముందు పెట్టి, ఎవరి పెళ్లి, ఎప్పుడు, ఎక్కడ అని మూడు ముక్కల్లో రాసి ఒకసారి పంపాను. పెదనాన్నకు నచ్చలేదు. "ఇది కబురు, శుభలేఖ కాదు. శ్రీరస్తు ఏదీ?" అన్నారు. అప్పటి నుంచి శ్రీరస్తుతోనే మొదలుపెడుతున్నాను.

ఒక్కో లేఖకు మొదట్లో అరగంట పట్టేది, ఇప్పుడు పావుగంట. అందులో టెస్సరాక్ట్ పని నిమిషమే, మిగతాది కోయడం, కలపడం, పేర్లు సరిచూడటం. పొడవైన శ్లోకాలు, ఆహ్వాన వాక్యాలు సాదా అక్షరాల్లో ఉంటే బాగా తీస్తుంది, ఒత్తులు అక్కడక్కడ దిద్దితే చాలు. నాలుగు వాక్యాలున్న చిన్న లేఖకైతే నేను దాన్ని తెరవను, చూసి టైపు చేసేస్తాను.