ఇన్‌స్టాలర్ల పరీక్షకు వర్చువల్‌బాక్స్ స్నాప్‌షాట్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

విండోస్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు ఇన్‌స్టాలర్లు పరీక్షించడం నా ఉద్యోగం. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి చూడటం వరకైతే విండోస్ శాండ్‌బాక్స్ చాలు. తెరిచిన ప్రతిసారీ ఖాళీ విండోస్ వస్తుంది, మూసేస్తే అంతా చెరిగిపోతుంది. అయితే పాత వెర్షన్‌ను కొంత వాడిన స్థితిని దాచుకొని, పదేపదే అక్కడికే తిరిగి రావాలంటే అందులో కుదరదు. అందుకే వర్చువల్‌బాక్స్‌ను వదల్లేదు.

ఏమీ వేయని విండోస్‌కు ఒక స్నాప్‌షాట్, దాని కింద విడుదలైన ఒక్కో పాత వెర్షన్‌కు ఒకటి ఉంచుతాను. పాత వెర్షన్ వేసిన వెంటనే స్నాప్‌షాట్ తీస్తే ఉపయోగం తక్కువ. సెట్టింగులు మార్చి, ఫైళ్లు సేవ్ చేసి, విండోస్‌ను షట్‌డౌన్ చేశాకే తీస్తాను. వాడుకరి కంప్యూటర్‌లో ఉండేది అలాంటి స్థితే.

ఈ పద్ధతి విలువ తెలిపిన ఉదాహరణ ఒకటి. 2.4.1.0 మీద 2.4.1.7 వేస్తే ఏ లోపమూ చూపకుండా ఇన్‌స్టాల్ పూర్తయింది. కానీ సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో మా ప్రోగ్రాం రెండుసార్లు కనిపించింది. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి, ఈసారి లాగ్‌తో నడిపాను:

```
msiexec /i app.msi /l*v install.log
```

ఇలాంటప్పుడు లాగ్‌లో `FindRelatedProducts` దగ్గర చూడాలి. పాత ప్రోగ్రాం వాడుకరి ఒక్కరికే, కొత్తది అందరికీ వేసి ఉంటే, పాతదాన్ని వదిలేస్తున్నట్లు అక్కడ `Skipping` అని రాసి ఉంటుంది. మాకు అదేమీ లేదు. అంటే తేడా వెర్షన్ అంకెల్లో ఉంది. విండోస్ ఇన్‌స్టాలర్ వెర్షన్లను పోల్చేటప్పుడు మొదటి మూడు అంకెలనే లెక్కలోకి తీసుకుంటుంది, నాలుగోదాన్ని పట్టించుకోదు. దాని దృష్టిలో రెండూ 2.4.1 కాబట్టి పాతదాన్ని తీసేయలేదు. 2.4.2గా మార్చి అదే స్నాప్‌షాట్ మీద వేస్తే జాబితాలో ఒక్కటే మిగిలింది.

అన్‌ఇన్‌స్టాల్ తర్వాత మిగిలేవాటిని పట్టడానికి వేరే సాధనం కొనలేదు. ఇన్‌స్టాల్‌కు ముందు, తీసేశాక `dir /s /b /a`తో ఫైళ్ల జాబితాలు తీసి `fc`తో పోలుస్తాను. `HKLM\SOFTWARE` కూడా అలాగే ఎగుమతి చేస్తాను. ఇన్‌స్టాలర్ మామూలుగా తాను పెట్టినవే తీసేస్తుంది. ప్రోగ్రాం నడుస్తూ `%LOCALAPPDATA%`లో సృష్టించుకున్న కాష్, లాగ్ ఫైళ్లు అక్కడే ఉండిపోతాయి. కాబట్టి తీసేసే ముందు ప్రోగ్రాంను ఒకసారైనా నడపాలి, లేకపోతే పరీక్షకు అర్థం లేదు. వాడుకరి రాసుకున్న ఫైళ్లు మిగిలితే దాన్ని నేను తప్పుగా నమోదు చేయను. తొలగించిన ప్రోగ్రాం కోసం షెడ్యూల్డ్ టాస్క్ ఒకటి మిగిలితే మాత్రం విడుదల ఆపమంటాను.

స్నాప్‌షాట్లతో ఇబ్బంది డిస్కు దగ్గరే. గొలుసు పెరిగేకొద్దీ ఖాళీ తరిగిపోతుంది. మధ్యలో ఉన్నదాన్ని తీసేస్తే డేటా కలపడానికి చాలాసేపు పడుతుంది, ఆ కాసేపూ అదనపు చోటు కూడా కావాలి. డిస్కు నిండేదాకా ఆగకుండా, మద్దతు ముగిసిన వెర్షన్ల స్నాప్‌షాట్లను ప్రతి విడుదల తర్వాత తొలగిస్తుంటాను.