రాత్రి జ్వరం గురించి పొద్దున ఏం రాయాలి: ఒక్క ముక్కా, అంకెల వరసా, జ్వరం నడకా?

రాయగడ వైపు వార్డుల్లోకి పార్వతీపురం నుంచో గుణుపురం నుంచో కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "అక్కా, నైట్ దిగేటప్పుడు హ్యాండోవర్‌లో టెంపరేచర్లన్నీ రాయాలా? జ్వరం తగ్గిందని రాస్తే చాలదా? చార్టు మంచం దగ్గరే ఉంది కదా!"

చార్టు ఉన్నమాట నిజమే. కానీ డే డ్యూటీకి వచ్చిన సిస్టర్ ముప్ఫై మంది చార్టులు చూశాక పని మొదలుపెట్టదు. ముందు మన నోటు వింటుంది, దాన్నిబట్టి ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో అనుకుంటుంది. డాక్టర్‌గారు రౌండ్స్‌లో అడిగితే ఆమె చెప్పేది కూడా మన మాటే. రిజిస్టర్‌లో ఇంగ్లీషులో రాసినా, నోటితో తెలుగూ ఒడియా కలిపి చెప్పినా, రాసే పద్ధతులు మాత్రం మూడే కనిపిస్తాయి. "జ్వరం తగ్గింది, మాత్ర ఇచ్చాం" అనే ఒక్క ముక్క మొదటిది. గంటలవారీగా అంకెలు ఎక్కించడం రెండోది. జ్వరం ఎప్పుడు ఎక్కింది, మాత్ర ఎప్పుడు పడింది, ఆ తర్వాత ఎంతవరకు దిగి మళ్ళీ ఎప్పుడు లేచింది అని చెప్పడం మూడోది. నేను మూడోదే రాస్తాను. దానికి కారణం నేను మొదటి పద్ధతిలో రాసిన ఒక రాత్రి.

కొండ మీది ఊరి నుంచి వచ్చిన మనిషి ఆమె, ముప్ఫై దాటిన వయసు. నాలుగు రోజులుగా జ్వరం. ముందురోజు చేసిన మలేరియా ర్యాపిడ్ టెస్ట్ నెగటివ్. రాత్రి 8కి చంకలో 100.2 ఉంది. 10 గంటలకు దుప్పట్లు రెండు కప్పినా మంచం కదిలేంత వణుకు, 103.4. 10.10కి పారాసిటమాల్ 650 ఇచ్చాను. 12కి 100.6, 2కి 99.4. అప్పుడు చెమట పట్టి నిద్రపోయింది. 4కి చూస్తే మళ్ళీ 101.8. 4.20కి రెండో మాత్ర. 6కి 100, 7.30కి 99.2. భర్త పక్కనే కూర్చుని "జొరొ ఛాడిగలా" అన్నాడు, జ్వరం వదిలేసింది అని. నేనూ నోట్లో అదే రాశాను: "మాత్రతో జ్వరం తగ్గింది, 7.30కి 99.2, నిద్రపోయింది."

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ రౌండ్స్‌లో అది విన్న డాక్టర్‌గారికి కోలుకుంటున్న మనిషి కనిపించింది, ఇంటికి పంపుదామన్నారు. సంచి సర్దుకుని కాగితాల కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు, 10.40కి మళ్ళీ వణుకు మొదలైంది. 103.8. అప్పుడు తీసిన స్లైడ్‌లో ఫాల్సిపారం మలేరియా కనిపించింది. ఇంకో గంట అయితే ఆమె కొండదారిలో జీపులో ఉండేది. మలేరియా మందు పడకుండా, పారాసిటమాల్ షీటు చేతిలో పెట్టుకుని.

అదే రాత్రిని రెండో పద్ధతిలో రాస్తే ఎలా ఉండేది? 100.2, 103.4, 100.6, 99.4, 101.8, 100, 99.2. ఏదీ దాచలేదు. కానీ చదివేవాళ్ళ కన్ను చివరి అంకె మీద ఆగుతుంది. పైగా ఎక్కడ మాత్ర పడిందో వేరే పేజీలో మందుల కాగితం చూస్తేగానీ తెలియదు. మాత్ర ఎప్పుడు పడిందో తెలియకపోతే ఈ వరసకు అర్థం లేదు. పారాసిటమాల్ అరగంట, గంటలో పని మొదలుపెడుతుంది, రెండు మూడు గంటలకు బాగా దించుతుంది, నాలుగు నుంచి ఆరు గంటలకు దాని బలం తగ్గిపోతుంది. 7.30 నాటి 99.2 రెండో మాత్ర పడిన మూడు గంటలకు చూసినది. ఆ సమయానికి జ్వరం తక్కువగా ఉండటమే సహజం, అది కోలుకున్న గుర్తు కాదు. 4 గంటల 101.8 మాత్రం నిజం చెప్తోంది: మొదటి మాత్ర బలం తగ్గగానే జ్వరం తనంతట తానే లేచింది.

మూడో పద్ధతిలో అయితే నోటు ఇలా ఉండాల్సింది: "రాత్రి 10కి చలితో 103.4, చంకలో. 10.10కి పారాసిటమాల్ 650. ఆ మాత్ర పని మీద ఉండగా కనిష్ఠం 2 గంటలకు 99.4. 4కి మందు బలం తగ్గాక మళ్ళీ 101.8. 4.20కి రెండో మాత్ర. ఇప్పటి 99.2 ఆ మాత్ర మీద ఉన్నది. 10 ప్రాంతంలో మళ్ళీ లేవచ్చు, 9కీ 10కీ చూడండి. మలేరియా టెస్ట్ నిన్న ఒకసారే చేశారు, నెగటివ్." ఇందులో రోగం పేరు నేను చెప్పలేదు, అది నా పని కాదు. కానీ ఇది విన్నాక ఆమెను ఇంటికి పంపుదామనే ముందు ఎవరైనా ఆగుతారు. రాయడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ఈ పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతాయి. రాత్రి 10కి నోట్లో, 2కి చంకలో పెట్టి చూస్తే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు తేడా వస్తుంది, అది దిగడంలా కనిపిస్తుంది. అందుకే ఎక్కడ చూశామో రాయాలి, రాత్రంతా అక్కడే చూడాలి. ఇంకొకటి, ఇంటివాళ్ళను అడగకపోవడం. తలగడ కింద బయట కొన్న మాత్రల షీటు ఉంటే, మన చార్టులో లేని మాత్ర ఒకటి అప్పటికే కడుపులో పడి ఉండొచ్చు.

ఇంతకంటే జాగ్రత్తగా రాయాల్సింది మాత్ర లేకుండా దిగిన జ్వరం గురించి. డెంగ్యూలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం వదిలే సమయమే ప్రమాద సమయం. 97.4 చూసి సంతోషించే ముందు చెయ్యి పట్టుకుని చూడాలి. వేళ్ళు చల్లగా ఉన్నాయా, నాడి 120 దాటి సన్నగా కొడుతోందా, మూత్రానికి వెళ్ళి ఎంతసేపయింది. అలాంటి రాత్రి రాసిన నోటులో టెంపరేచర్ పక్కనే నాడి, బీపీ లేకపోతే ఆ నోటు సగమే. ఆ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా పొద్దున హ్యాండోవర్ దాకా ఆగకూడదు, అప్పుడే డాక్టర్‌గారిని లేపాలి.

అంకెల వరసకూ దాని చోటు ఉంది. జ్వరం మందేమీ పడని మనిషికి, నాలుగు గంటలకోసారి చూసిన అంకెలే ఎక్కడం దిగడం చూపిస్తాయి, వాటికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒక్క ముక్క రాయడం రాత్రంతా 98.6 దాటని మనిషికి సరిపోతుంది. చార్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం గురించి కూడా అడుగుతారు. రోగి పేరు ఉన్న కాగితం ఫోన్లలో తిరగడం నాకు ఇష్టం లేదు, పైగా ఫోటో కూడా అంకెల వరసే.

నోటితో ఇచ్చేటప్పుడు మాత్రం మంచం దగ్గరే నిలబడి ఇవ్వండి. అలాంటి రాత్రి తర్వాత ఇప్పుడైతే నేను 4 గంటల 101.8 లాంటి అంకె దగ్గర వేలు పెట్టి చూపిస్తాను, పక్కనే పెన్సిల్‌తో మాత్ర వేళ రాసి ఉంటుంది. డే సిస్టర్ 9కి ఒకసారి, 10కి ఒకసారి చూస్తానని చెప్పాకే యూనిఫాం మార్చుకోవడానికి వెళ్తాను.