స్టార్, టెంపరెన్స్: విడాకుల తర్వాత ఈ రెండు కార్డులను చాలాకాలం వాడాక

విడాకుల తర్వాత టారో కార్డులు చూసుకోవడం మొదలుపెట్టిన ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "స్టార్ కార్డు వచ్చింది, అంటే ఎవరో వస్తున్నట్టేనా?" కొన్నేళ్లుగా వాడుతున్న మనిషిగా నా జవాబు, కాదు. స్టార్ చెప్పేది గాయం సంగతి. ఇంకో మనిషిని జీవితంలోకి రానివ్వడానికి మనం తయారుగా ఉన్నామా లేదా అన్నది టెంపరెన్స్ దగ్గర చూసుకోవాలి. ఈ తేడా తెలియకపోతే ఈ డెక్, అంటే కార్డుల కట్ట, ఓదార్పు కబుర్లకు తప్ప దేనికీ పనికిరాదు.

నా దగ్గరున్నది రైడర్ వెయిట్ స్మిత్ డెక్. 1909లో లండన్‌లో వచ్చింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెబితే బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. మొత్తం 78 కార్డులు. అందులో 22 మేజర్ ఆర్కానా అనే ముఖ్యమైన కార్డులు, వీటికి వరస నంబర్లుంటాయి. మన విషయంలో ఆ వరసే అసలు కీలకం. 16 టవర్, పిడుగు పడి కోట పేలిపోయి ఇద్దరు మనుషులు తలకిందులుగా పడుతుంటారు. దాని వెంటనే 17, స్టార్. అంటే ఇల్లు కూలిన మర్నాటి కార్డు అది. టెంపరెన్స్ నంబరు 14. దానికి ముందు 13 డెత్, తర్వాత 15 డెవిల్. ఒక బతుకు ముగిశాక, ఇంకో వ్యామోహంలో పడకముందు మధ్యలో ఉండే చోటు అది. రెండో పెళ్లి గురించి ఆలోచించేవాళ్లకి ఆ చోటు ఎంత ఇరుకో బాగా తెలుసు.

ఇప్పుడు బొమ్మల్లోకి వద్దాం. స్టార్‌లో ఒంటిమీద బట్ట లేని ఒక స్త్రీ చెరువు ఒడ్డున మోకాలు ఆన్చి కూర్చుంటుంది. రెండు చేతుల్లో రెండు కూజాలు. ఒకటి నీళ్లలోకే వంపుతుంది, ఇంకొకటి నేలమీదికి. నేలమీద పడ్డ నీరు ఐదు పాయలుగా పారుతుంది. పైన ఒక పెద్ద నక్షత్రం, చుట్టూ ఏడు చిన్నవి, వెనకాల చెట్టుమీద ఒక పిట్ట. ఈ కార్డులో రెండో మనిషి లేడు. ఆమె ఎవరి గిన్నెలోకీ నీళ్లు పోయడం లేదు. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు, చూసి వెక్కిరించేవాళ్లూ లేరు. గాయం కడుక్కునే పని ఒంటరిగానే జరుగుతుందని ఆ బొమ్మ చెబుతోంది. దీన్ని "ప్రేమ వస్తోంది" అని చదివేవాళ్లు బొమ్మ చూడకుండా పేరు మాత్రమే చదువుతున్నారని నా అనుమానం.

టెంపరెన్స్‌లో రెక్కలున్న దేవదూత. ఒక పాదం నీళ్లలో, ఒకటి గట్టుమీద. రెండు చేతుల్లో రెండు కప్పులు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీరు వాలుగా పారుతుంటుంది. చుక్క కూడా కింద పడదు. పక్కన పసుపు ఐరిస్ పూలు, వెనక కొండలవైపు సన్నని బాట. రెండు కప్పులు కాబట్టి ఇక్కడ పంచుకోవడం ఉంది, కొలత ఉంది. ఎంత పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్న విచక్షణ ఉంది. విడాకుల తర్వాత మనలో చాలామందికి పోయేది సరిగ్గా ఇదే. అయితే మొదటి ఫోన్‌కాల్‌లోనే పాత కథంతా గుమ్మరిస్తాం, లేదా ఆరు నెలలు మాట్లాడినా ఏమీ చెప్పం.

ఇక వాడకం. మామూలుగా అందరూ చేసేది మూడు కార్డుల స్ప్రెడ్, అంటే మూడు తీసి వరసగా పరచడం. 78లోంచి మూడు తీస్తే ఈ రెండింటిలో ఏదో ఒకటి కనిపించే అవకాశం సుమారు పదమూడింట ఒకటి. రెండూ కలిసి రావడం వెయ్యికి ఒకసారి. కాబట్టి అవి వస్తేనే చూద్దామనుకుంటే, మనం అడగాలనుకున్న ప్రశ్న పక్కకే పోతుంది. నేను చేసేది వేరు. ముందే ఆ రెండు కార్డులను డెక్‌లోంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా పక్కపక్కన పెడతాను. మిగతా 76 కలిపి, స్టార్ కింద ఒకటి, టెంపరెన్స్ కింద ఒకటి తీస్తాను. మొదటిదానికి ప్రశ్న, "ఇంకా నొప్పి ఎక్కడుంది?" రెండోదానికి, "ఇచ్చిపుచ్చుకోవడంలో నా కొలత ఎలా ఉంది?" అంతే. "అతను నన్ను ఇష్టపడుతున్నాడా" లాంటి ప్రశ్న ఈ పద్ధతిలో పెట్టకూడదు. అది అవతలి మనిషి మనసు, మన చేతిలోని అట్టముక్కకు తెలిసే దారి లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మాది పరస్పర అంగీకారంతో తీసుకున్న విడాకులు. హిందూ వివాహ చట్టం 13బి కింద కోర్టులో వేసే మొదటి మోషన్‌కీ, అంటే మొదటి అర్జీకీ, రెండోదానికీ మధ్య సాధారణంగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలూ, తర్వాత ఇంకొంత కాలమూ స్టార్ కింద స్వోర్డ్స్ కార్డులే, అంటే బాధను చెప్పే కత్తుల కార్డులే, ఎక్కువ వచ్చినట్టు నేను రాసుకునే పుస్తకంలో ఉంది. డిక్రీ వచ్చిన చాన్నాళ్లకి పిన్ని గాజువాక వైపు సంబంధం ఒకటి తెచ్చింది. అతనికీ విడాకులయ్యాయి, ఉద్యోగం ఉంది, మనిషి నెమ్మది అని చెప్పింది. ఎంవీపీ కాలనీలో మా ఇంటి డాబా మెట్లమీద కూర్చుని కార్డులు పరిచాను. అమ్మ బట్టలు తీస్తూ, "ఏంటే, మళ్లీ ఆ పేకముక్కలేనా?" అంది.

స్టార్ కింద ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్. చర్చిలో సమాధిమీద చేతులు జోడించి పడుకున్న యోధుడు, గోడమీద మూడు కత్తులు, కింద ఒకటి. చావు కార్డు కాదది, విశ్రాంతి కార్డు. కత్తులు ఉన్నాయి కానీ ఏదీ ఒంట్లో దిగిలేదు. నాకు అది నిజమే అనిపించింది. అప్పటికి రాత్రిళ్లు నిద్రపడుతోంది. కోర్టు పేరు వింటే గుండె దడ రావడం తగ్గింది.

టెంపరెన్స్ కింద సిక్స్ ఆఫ్ పెంటకిల్స్. ఒక ధనికుడు ఒక చేత్తో త్రాసు పట్టుకుని, ఇంకో చేత్తో నాణేలు వేస్తుంటాడు. ఆయన ముందు ఇద్దరు మోకాళ్లమీద ఉంటారు. కొలిచి ఇవ్వడం కదా, టెంపరెన్స్‌కి చక్కగా సరిపోయిందని తొందరపడి చదివేయొచ్చు. కానీ టెంపరెన్స్‌లో రెండు కప్పులూ ఒకరి చేతుల్లోనే ఉంటాయి, రెండింటికీ సమాన గౌరవం. ఇక్కడ ఒకరు నిలబడ్డారు, ఇద్దరు చేతులు చాచారు. రెండు కార్డులూ పక్కన పెట్టి చూస్తుండగానే పిన్ని చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. ఆ సంబంధం అబ్బాయి అమ్మగారు అన్నారట, "అమ్మాయికి విడాకులైనా మేం పట్టించుకోం." కొడుక్కీ విడాకులే కదా! ఆ మాట విన్నప్పుడే ఏదో గుచ్చుకుంది. ఎందుకో తేల్చుకోలేకపోయాను. కార్డు చూశాక ఎందుకో తెలిసింది.

అంతమాత్రాన వద్దని చెప్పేయలేదు. పిన్నితో, "అతనితో ఒకసారి నేనే మాట్లాడతాను, పెద్దవాళ్లు వద్దు" అన్నాను. సిరిపురంలో ఒక కాఫీ షాపులో కలిశాం. మర్యాదస్తుడే. గంట మాటల్లో నా ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న లేదు. "ఈ వయసులో మనలాంటివాళ్లకి ఎవరూ ముందుకు రారండి" అని మాత్రం చెప్పాడు, అదీ నన్ను ఓదారుస్తున్నట్టు. ఇంటికొచ్చి పిన్నికి వద్దన్నాను. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

చాలామంది దీన్ని "కార్డు నిజమైంది" అంటారు. నేనలా అనను. గుచ్చుకున్న మాట నా దగ్గర ముందే ఉంది. మోకాళ్లమీద ఉన్న మనుషుల బొమ్మ దాన్ని నా కళ్లముందు పెట్టింది. ఆ స్థానంలో టూ ఆఫ్ కప్స్ వచ్చి ఉంటే? ఇద్దరు ఎదురెదురుగా కప్పులు పట్టుకున్న ఆ బొమ్మ చూసి నేను మురిసిపోయి ఉండేదాన్నేమో. కాఫీ షాపులో విన్నది మాత్రం మారేది కాదు. అందుకే మనిషిని కలవకుండా కార్డుమీద నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

తలకిందులుగా వచ్చినప్పుడు ఎలా చదవాలన్నది కూడా అడుగుతారు. స్టార్, టెంపరెన్స్ మామూలు స్ప్రెడ్‌లో తలకిందులుగా వస్తే నేను గమనించేది ఇది. స్టార్ తిరగబడితే సాధారణంగా ఆశ పోవడం అంటారు. విడాకుల తర్వాత దాన్ని ఇంకాస్త సూటిగా చదవొచ్చు, కడుక్కోవాల్సిన గాయానికి కట్టు కట్టేసి బాగయిపోయింది అనడం. బంధువుల పెళ్లిలో నవ్వుతూ తిరిగి, ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగకపోతే అదే. టెంపరెన్స్ తిరగబడితే కొలత తప్పిందని. దీనికి ఒక పరీక్ష ఉంది. మీ విడాకుల కథను కొత్త మనిషికి నాలుగు వాక్యాల్లో చెప్పగలరా, చెప్పాక గొంతు మామూలుగా ఉంటుందా? అరగంటైనా ఆగకపోతే, లేదా ఒక్క వాక్యం కూడా పెగలకపోతే, కార్డు నిటారుగా వచ్చినా నేను తొందరపడొద్దంటాను.

డబ్బులిచ్చి చెప్పించుకున్న రీడింగుల మీద నాకు ఫిర్యాదే ఉంది. ఒకావిడ స్టార్ చూడగానే "మూడు నెలల్లో కొత్త సంబంధం" అంది, టెంపరెన్స్ వస్తే "కాస్త ఓపిక పట్టండి" అని పక్కకు తోసి ఇంకో కార్డు తీసింది. ఆ కార్డులో ఏముందో ఒక్క మాట లేదు. గడువు చెప్పే రీడర్ దగ్గరికి మళ్లీ వెళ్లకండి. ఈ రెండు కార్డుల్లో తేదీ ఎక్కడా లేదు. ఇంకోటి, ఒకే ప్రశ్నకు ఒకే సాయంత్రం రెండోసారి తీస్తే రెండు జవాబులూ పనికిరావు, మనకు నచ్చింది ఏరుకుంటాం. నిద్ర, తిండి రెండూ పోయిన రోజుల్లో డెక్ బయటికి తీయకుండా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మేలు. నాకు అక్కడే ఎక్కువ పని జరిగింది, కార్డులు తర్వాత.

కొనేవాళ్లకి రెండు మాటలు. విశాఖ గాలిలో తేమకు కార్డులు ఒకదానికొకటి అంటుకుంటాయి, అంచులు వంగుతాయి. వానాకాలంలో మరీ. అట్టపెట్టె కన్నా మూత గట్టిగా పట్టే రేకు డబ్బా నయం, అందులో కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేయండి. కిటికీ తీసిన గదిలో సముద్రపు గాలికి పరిచి వదిలేయకండి. కార్డు వెనకవైపు డిజైను తిప్పినా ఒకేలా ఉండే డెక్ తీసుకోండి, లేకపోతే తలకిందులుగా ఉందో లేదో తిప్పకముందే కనిపించిపోతుంది. జేబు సైజువి చవగ్గా దొరుకుతాయి కానీ స్టార్‌లో ఐదు పాయలూ వాటిలో సరిగ్గా కనిపించవు. పెద్ద సైజే తీసుకోండి.