తేదీలు తప్పొస్తున్నాయని ఆన్‌లైన్‌లో అడగాలి: ఒక్క ముక్కలోనా, మొత్తం ఫైలుతోనా, చిన్న నమూనాతోనా? ఏది మేలు?

అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్న బ్యాచ్‌కి, ప్రాజెక్టులు మొదలుపెట్టే ముందు చెప్పే మాటలివి.

అందరూ బోర్డు వైపు చూడండమ్మా. కోఠిలో ఒక పుస్తకాల షాపు ఉందనుకుందాం. 2024 జూన్ నెల అమ్మకాలు `sales.csv` అనే ఫైల్లో ఉన్నాయి. రోజుకో వరుస, మొత్తం ముప్పై. తేదీలు మనం రాసుకునే పద్ధతిలోనే ఉన్నాయి: ముందు రోజు, తర్వాత నెల. నెలవారీ మొత్తం తీద్దామని పాండాస్‌తో ప్రోగ్రాం రాశారు. ఒక్క జూన్ రావాల్సిన చోట జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు నెలలూ వచ్చాయి. సాయం అడగాలి. ఎలా అడుగుతారు?

మొదటి పద్ధతి అందరికీ అలవాటైనదే: "సర్, పాండాస్‌లో డేట్స్ తప్పొస్తున్నాయి, అర్జెంట్, ఎవరైనా చెప్పండి." కింద ఫోన్‌తో తీసిన తెర ఫొటో. రాయడానికి అర నిమిషం చాలు, దీనికున్న లాభం అదొక్కటే. చదివేవాడికి తేదీలు ఏ పద్ధతిలో ఉన్నాయో తెలియదు, ఏ లైనుతో మార్చారో తెలియదు. ఫొటోలోని కోడ్‌ను కాపీ చేసి నడపడం కుదరదు, మళ్లీ టైపు చేసుకోవాలి. అందుకే జవాబుగా వచ్చేది "కోడ్ పెట్టండి" అన్న మాటే. మీరు కోడ్ పెట్టాక "డేటా చూపించండి" అంటారు. ఆదా చేసిన అర నిమిషానికి సాయంత్రమంతా పోతుంది.

ఫొటో ఎప్పుడూ పనికిరాదని కాదు. గ్రాఫులో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయంటే అది చూపించే తీరాలి, మాటల్లో చెప్పలేం. తప్పు కంటికి కనబడేదైతే ఫొటో పెట్టండి. తప్పు కోడ్‌లోనో డేటాలోనో ఉంటే అక్షరాలు పెట్టండి.

రెండో పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు: మూడు వందల లైన్ల ప్రోగ్రామూ, షాపు ఫైలూ మొత్తం పెట్టేయడం. అన్నీ ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ మూడు వందల్లో తేదీలను ముట్టుకునేది ఒక్క లైనే. ఊరికే వచ్చి సాయం చేసేవాళ్లు మిగతాదంతా ఎందుకు చదువుతారు? పైగా ఆ ఫైల్లో కొన్నవాళ్ల పేర్లు, మొబైల్ నంబర్లు ఉంటే వాటిని బయట పెట్టినట్టే. అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

ఇక మూడోది, తప్పును మళ్లీ చూపించగలిగినంత చిన్న నమూనా. ఇందులో కష్టమంతా ఏ వరుసలు ఉంచాలో తేల్చుకోవడంలోనే ఉంది. చాలామంది `df.head()` కొట్టి, వచ్చిన ఐదు వరుసలూ పెడతారు. మన ఫైల్లో అవి జూన్ 1 నుంచి 5 వరకు. ఆ ఐదూ తప్పుగానే మారతాయి కానీ ఎర్రర్ రాదు, అసలు చిక్కు సగమే కనబడుతుంది. 12 దాటిన తేదీ ఒక్కటైనా ఉండాలి. ఇది నడిపి చూడండి:

```python
import pandas as pd
print(pd.__version__)
s = pd.Series(["05/06/2024", "13/06/2024"])
print(pd.to_datetime(s))
```

పాండాస్ 1.5లో ఇది ఆగకుండా నడుస్తుంది. మొదటిది మే 6 అవుతుంది, రెండోది జూన్ 13 అవుతుంది. నెలను ముందు చదవడం దాని అలవాటు. పదమూడో నెల లేదు కాబట్టి ఆ ఒక్క తేదీకి తిప్పి చదువుతుంది. ఇప్పుడు షాపు లెక్క తెలిసిపోతుంది. జూన్ 1 నుంచి 12 వరకు ఉన్న రోజులు పన్నెండు నెలలకీ ఒక్కొక్కటి చొప్పున చెదిరిపోయాయి. జూన్ 6 మాత్రం ఎటు చదివినా జూనే. కాబట్టి జూన్‌లో పంతొమ్మిది రోజులు మిగిలాయి, తక్కిన పదకొండు నెలలకూ ఒక్కో రోజు వెళ్లింది. దీనికి ఒక హెచ్చరిక కూడా వస్తుంది. "ఎర్రర్ కాదులే" అని దాన్ని చెరిపేసి ప్రశ్న రాస్తారు. చెరపకండి, జవాబు సగం అందులోనే ఉంటుంది.

అదే నాలుగు లైన్లు పాండాస్ 2.2లో ఆగిపోతాయి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 నుంచి పద్ధతి మారింది. మొదటి తేదీని చూసి ఒక పద్ధతి ఊహిస్తుంది, మిగతావన్నీ దానికే సరిపోవాలంటుంది. షాపు ఫైలంతా ఇస్తే వచ్చే ఎర్రర్ ఇలా మొదలవుతుంది:

```
ValueError: time data "13/06/2024" doesn't match
format "%m/%d/%Y", at position 12
```

లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 12 అంటే పదమూడో వరుస. ఏ తేదీ దగ్గర ఆగిందో, ఏ పద్ధతి ఊహించిందో రెండూ ఇందులోనే ఉన్నాయి. అందుకే ఎర్రర్‌ను మీ మాటల్లో చెప్పకుండా ఉన్నదున్నట్టు అతికించమంటాను. వెర్షన్ రాయమనేదీ ఇందుకే. ఒకే కోడ్ ల్యాబ్ సిస్టంలో తప్పు లెక్క ఇచ్చి, మీ ల్యాప్‌టాప్‌లో ఆగిపోతుంటే, వెర్షన్ లేని ప్రశ్నకు ఇద్దరు రెండు రకాలుగా జవాబిస్తారు.

ఇంకో చిక్కు ఉంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ రెండు తేదీలనూ తారుమారు చేసి 13వ తేదీని ముందు పెట్టండి. 2.2లో ఎర్రర్ మాయమవుతుంది, రెండూ జూన్‌గానే వస్తాయి. హెచ్చరిక ఒక్కటే మిగులుతుంది. అంటే నమూనా కుదించేటప్పుడు వరుసల క్రమం మారినా తప్పు దాక్కుంటుంది. కుదించాక, పెట్టే ముందు, కొత్త ఫైల్లో మరోసారి నడపండి. తప్పు మళ్లీ కనబడితేనే పెట్టండి.

ఫైల్లో ఏముందో చూడ్డానికి ఎక్సెల్‌లో తెరవకండి. అది తేదీలను కంప్యూటర్ సెట్టింగ్ ప్రకారం మార్చి చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అక్కడున్నవే కాపీ చేయండి.

ఇప్పుడు పూర్తి ప్రశ్న ఇలా ఉంటుంది. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా వరస ఇదే:

"రోజు/నెల/సంవత్సరం పద్ధతిలో ఉన్న తేదీలను పాండాస్ 2.2 ఆపేస్తోంది. నాకు కావాల్సింది నెలవారీ అమ్మకాల మొత్తం. కింది కోడ్‌లో రెండు తేదీలూ జూన్‌గా రావాలి. వాటి బదులు కింద పెట్టిన ఎర్రర్ వస్తోంది. `errors="coerce"` పెట్టి చూశాను, ఎర్రర్ పోయింది కానీ రెండో తేదీ పోయి, ఖాళీ అని చెప్పే `NaT` మిగిలింది, మొదటిది మే నెలకు వెళ్లింది."

దాని కింద ఆ నాలుగు లైన్ల కోడ్, దాని కింద ఆ కోడ్ నడిపితే వచ్చిన ఎర్రర్. నెలవారీ మొత్తం అన్న అసలు అవసరం వదిలేసి "ఎర్రర్ ఎలా ఆపాలి" అని మాత్రమే అడిగితే, ఎవరో ఒకరు `coerce` పెట్టమనే చెబుతారు. అప్పుడు 13 నుంచి 30 దాకా పద్దెనిమిది రోజుల అమ్మకాలు లెక్కలోంచి పోతాయి, మీకు తెలియను కూడా తెలియదు.

మూడో పద్ధతికి ఇరవై నిమిషాలు పడుతుంది. గడువు దగ్గరున్నా నేను దానికే ఓటేస్తాను. ఎందుకంటే రెండు తేదీల దాకా కుదించేసరికి, నెలా రోజూ తారుమారయ్యాయని చాలాసార్లు మీకే తడుతుంది. అప్పుడు ఇది రాసుకుంటే సరి, అడగక్కర్లేదు:

```python
pd.to_datetime(s, format="%d/%m/%Y")
```