బాత్రూం కారుతుంటే "ఇంటి విలువ ఎంత తగ్గింది" అని లెక్క తీసే కాంట్రాక్టరుతో జాగ్రత్త

మొన్న ఆదివారం సాయంత్రం 70,000 రూపాయలకి నా ఇంటి రెండు బాత్రూంలు ధారపోసి వచ్చాను. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. కుర్చీలో కూర్చుని, ఉస్మానియా బిస్కెట్ తింటూ, నా పెన్నుతోనే సంతకం పెట్టాను. కోపం ఇంకా దిగలేదు, కాబట్టి రాత ఎలా ఉన్నా సర్దుకోండి.

ఆ కాంట్రాక్టరు పేరు రాయను. ఉప్పల్ దాటాక మా వైపు ఇల్లు కట్టించుకున్నవాళ్లకి "ఫుల్ కాంట్రాక్టు, టెన్షన్ మాది" అంటే చాలు, అర్థమైపోతుంది. 150 గజాల స్థలం, జీ ప్లస్ వన్, 1,900 ఎస్‌ఎఫ్‌టీ, మెటీరియల్‌తో కలిపి 2,100 రేటు. పోయిన శ్రావణంలో గృహప్రవేశం అయింది. సంక్రాంతికి కింద బెడ్రూం సీలింగ్‌లో చెయ్యంత మరక కనబడింది, ఉగాది నాటికి గిలాబు పెచ్చులుగా మంచం మీద రాలడం మొదలైంది. పైన రెండు బాత్రూంలూ కారుతున్నాయి.

మా మేస్త్రీని పిలిచి నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ పక్కన రెండు టైల్స్ లేపించాను. బాత్రూం కింద పల్లంగా వేసే సంకెన్ స్లాబ్ మీద పూత లేదు, ఏమీ లేదు. ఇటుక ముక్కలు, ఇసుక, సైట్లో మిగిలిన సిమెంటు సంచి ఒకటి మడతపెట్టి మరీ కూరారు. అగ్రిమెంట్లో మాత్రం "సంకెన్ స్లాబ్‌కి వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూపించాలి" అని ఉంది. కోట్లు అంటే పూతలు. ఒక్కటీ పడలేదు.

రెండో లోపం కూడా ఉంది, అసలు తిరకాసు దానితోనే వచ్చింది. కింద హాలు ఎత్తు డ్రాయింగ్‌లో 10 అడుగుల 6 అంగుళాలు. టేపు పెడితే 9 అడుగుల 10 అంగుళాలు. ఇన్ని నెలలు అందులో తిరుగుతూ కూడా గమనించలేదు, ఫ్యాన్ బిగించడానికి వచ్చిన కుర్రాడు రాడ్డు కోయాలి అన్నప్పుడు తెలిసింది. నా చూపు అంత గొప్పది.

ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనా తీసుకున్నాను. తక్కువగా వచ్చింది 2,46,000. పగలగొట్టి చెత్త ఎత్తడానికి 31,000, పైపుల జాయింట్లు, పూత, మళ్లీ ఫిల్లింగ్ కలిపి 88,000, టైల్స్, కమోడ్లు, కుళాయిలు తిరిగి బిగించడానికి 97,000, కింద సీలింగ్ గిలాబు, రంగుకి 30,000. ఈ కాగితాలు పట్టుకుని ఆదివారం నేనూ మా ఆవిడా కాంట్రాక్టరు ఆఫీసుకి వెళ్లాం.

అక్కడ ఇంకో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆస్తులకి విలువ కట్టే వాల్యుయరట. ఆయన మా ఇంటికి రాలేదు, ఫోన్లో ఫొటోలు చూశాడు. కాగితం మాత్రం సిద్ధంగా ఉంది. స్థలం గజం 62,000 చొప్పున 93 లక్షలు, బిల్డింగ్ 39 లక్షలు, మొత్తం కోటీ 32 లక్షలు. లోపాల వల్ల మార్కెట్ విలువలో తగ్గుదల: ఎత్తుకి 20,000, బాత్రూంలకి 50,000.

నేను నా 2,46,000 కాగితం తీశాను. కాంట్రాక్టరు దాన్ని ముట్టుకోలేదు కూడా. "మీరు ఇల్లు అమ్ముతున్నారా సార్?" అన్నాడు. లేదన్నాను. "అమ్మితే ఎంత తగ్గుతుందో అదే కదా మీ నష్టం. అంతకన్నా ఎక్కువ అడిగితే నా మీద లాభం తీసుకున్నట్టే." మా ఆవిడ ఉండబట్టలేక "ఇంట్లో నీళ్లు కారుతున్నాయి కదా అండీ" అంది. దానికి ఆయన నవ్వి, "అమ్మా, నీళ్లు కారితే బకెట్ పెట్టుకుంటారు, కోర్టుకి పోరు" అన్నాడు. వాల్యుయర్ కూడా నవ్వాడు. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడే లేచి వచ్చెయ్యాల్సింది. నా బుద్ధి గడ్డి తింది, కూర్చున్నాను.

అప్పుడు వాల్యుయర్ ఇంగ్లండ్ స్విమ్మింగ్ పూల్ కేసు చెప్పాడు. అబద్ధమనుకున్నాను కానీ నిజమేనని తర్వాత తెలిసింది. ఫోర్సిత్ అనే ఆయన తన ఇంట్లో పూల్ కట్టించుకున్నాడు. లోతు వైపు 7 అడుగుల 6 అంగుళాలు ఉండాలి, 6 అడుగుల 9 అంగుళాలే వచ్చింది. సరిచేయాలంటే మొత్తం పగలగొట్టి మళ్లీ కట్టాలి, ఖర్చు 21,560 పౌండ్లు. అయితే ఆ పూల్ డైవింగ్‌కి పనికొస్తుంది, ఆస్తి విలువ పైసా తగ్గలేదు. అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1995లో చివరికి ఆయనకి ఇచ్చింది 2,500 పౌండ్లు, అదీ కోరుకున్న సుఖం దక్కనందుకు. "చూశారా సార్, లండన్లోనే ఇవ్వలేదు. మీ హాలు స్లాబ్ లేపి ఎనిమిది అంగుళాలు పెంచాలంటే ఎన్ని లక్షలు? ఏ కోర్టైనా ఇస్తుందా?"

ఇవ్వదని నాకూ అనిపించింది. పైన ఫ్లోరు నెత్తిన పెట్టుకుని ఉన్న స్లాబుని ఎనిమిది అంగుళాల కోసం ఎవరు పగలగొడతారు? తల ఊపాను. నేను తల ఊపింది హాలు ఎత్తు గురించి, కాంట్రాక్టరు కాగితం మీద రాయించింది రెండు లోపాలకీ కలిపి. "పై లోపాలన్నిటికీ 70,000 పూర్తి పరిష్కారంగా స్వీకరించాను, ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు." చదివాను. చదివే సంతకం పెట్టాను.

నిన్న రాత్రి మా బావ వచ్చాడు. రంగారెడ్డి కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు. వెళ్లే ముందు నాకొక్క ఫోన్ చెయ్యడానికి నీకేం రోగం అని మొదలుపెట్టాడు, అది వదిలేయండి. ఫోన్లో కాంట్రాక్ట్ చట్టం, 1872 నాటిది, సెక్షన్ 73 తీసి కింద ఉన్న ఉదాహరణల్లో (f) చదవమన్నాడు. B ఇంటిని ఫలానా విధంగా రిపేరు చేస్తానని A ముందే డబ్బు తీసుకున్నాడు. చేశాడు, కానీ ఒప్పందం ప్రకారం చేయలేదు. ఆ పనిని ఒప్పందానికి తగ్గట్టు సరిచేయడానికి అయ్యే ఖర్చుని B వసూలు చేసుకోవచ్చు. ఇంటి విలువ ఎంత తగ్గింది అన్న మాటే అందులో లేదు. మనది రిపేరు కాదు కొత్త కట్టడం కదా అంటే, సూత్రం అదే అన్నాడు, (l)లో బిల్డరు ఉదాహరణే ఉంది చూడమన్నాడు. బిల్డరు ఎంత చెత్తగా కట్టాడంటే ఇల్లు కూలిపోయింది. అక్కడ కూడా ఇచ్చేది తిరిగి కట్టే ఖర్చూ, పోయిన అద్దె వగైరా.

మరి పూల్ కేసో అన్నాను. బావ చెప్పింది నా మాటల్లో రాస్తాను. మామూలు కొలత సరిచేసే ఖర్చే. ఆ ఖర్చు దానివల్ల దక్కే ప్రయోజనంతో పోలిస్తే మరీ అసంబద్ధంగా ఉన్నప్పుడే కోర్టు విలువ తగ్గుదల వైపో, ఇబ్బందికి ఇచ్చే చిన్న మొత్తం వైపో చూస్తుంది. ఫోర్సిత్ డబ్బిస్తే నిజంగా పూల్ పగలగొట్టి కట్టిస్తాడని అక్కడి ట్రయల్ జడ్జికి నమ్మకమే కలగలేదు. మన హాలు ఎత్తు అచ్చం అలాంటిదే. ఫ్యాన్ రాడ్డు కోస్తే సరిపోయింది, అక్కడ 20,000 ఇచ్చినా పెద్దగా వాదించలేం. బాత్రూం అలా కాదు. పగలగొట్టి పూత వేస్తే తప్ప నీళ్లు ఆగవు, ఆగకపోతే స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. మనం ఉండే ఇల్లు, కచ్చితంగా చేయించుకునే పని. 39 లక్షల కట్టడంలో 2,46,000 పెట్టి లీకు ఆపడం దుబారా అని ఎవరంటారు?

ఇంకో మాట అన్నాడు, అది విన్నాక నిద్ర పట్టలేదు. మన ఊళ్లో ఇండిపెండెంట్ ఇంటి ధర కట్టేది గజాల మీద. కొనేవాడు రోడ్డు ఎన్ని అడుగులు, ఈశాన్యం ఎలా ఉంది అని చూస్తాడు, బాత్రూం కింద పూత ఉందా అని చూడడు. మరక కనబడితే ఓ యాభై వేలు బేరమాడతాడు. అంటే ఈ కొలతలో కట్టడం ఎంత ఘోరంగా ఉన్నా "తగ్గుదల" చిన్నదిగానే వస్తుంది, ఎందుకంటే విలువలో డెబ్బై శాతం దాకా నేలే మోస్తోంది. ఆ నేల నాది, మా నాన్న కొన్నది. నా నేల బరువుతో వాడు తన తప్పుని తేలిక చేసుకున్నాడు.

సంతకం వెనక్కి తీసుకోవచ్చా అంటే బావ తల అడ్డంగా ఊపాడు. చట్టం తెలియక ఒప్పుకున్నానంటే కుదరదు, అదే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 21 ఆ మాటే చెబుతోంది, మన దేశంలో అమల్లో ఉన్న చట్టం గురించి పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేయించుకోలేం. మోసం అని నిరూపించగలిగితే వేరు. వాళ్లు చెప్పిన కేసు నిజమైనదే, లెక్క కాగితం మీద ఉన్నదే, నేను చదివిందే. నోటీసు ఇచ్చి చూద్దాంలే అన్నాడు, ఆ గొంతులో ఆశ లేదు.

సంతకం ఇంకా పెట్టనివాళ్లకి రెండు మూడు ముక్కలు. లోపాలన్నీ ఒకే మొత్తంలో కలపనివ్వకండి, ఒక్కోదానికి వేరే లైను, వేరే అంచనా. రిపేరు అంచనాలో సోకులు కలపకండి. నా మొదటి కాగితం 3,10,000, అందులో ఖరీదైన కుళాయిలు దూర్చాను. ఆ తేడా ఎవరూ ఇవ్వరు, పైగా మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. పగలగొట్టే ముందు కాంట్రాక్టరుకి రాతపూర్వకంగా చెప్పండి, పగలగొట్టేటప్పుడు పొర పొరకీ ఫొటో తీయండి. కారుతుంటే ఏళ్లు ఊరుకోకండి. మీ దగ్గర ఉన్న దారుల్లో నష్టం తగ్గించుకున్నారా అని కూడా సెక్షన్ 73 వివరణ చూస్తుంది. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లాలంటే గడువు రెండేళ్లు, మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. అపార్ట్‌మెంట్ కొన్నవాళ్ల దారి వేరు: రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం స్వాధీనం అయిన ఐదేళ్ల లోపు చెప్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సొంత స్థలంలో కాంట్రాక్టు ఇచ్చిన నాలాంటివాడికి ఆ దారి లేదు.

సోమవారం మా మేస్త్రీ పని మొదలుపెడుతున్నాడు. 70,000 పోను 1,76,000 నా జేబులోంచి. ఈసారి పూత వేశాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద బెడ్రూంలో నేనే పడుకుని చూస్తాను. అప్పటిదాకా బకెట్ ఉంది.