పీడీఎఫ్‌లో రంగు ప్రొఫైల్ పెట్టి ప్రింటుకు పంపడం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

విశాఖలో కేటలాగులు, బ్రోచర్లు డిజైన్ చేసి ప్రెస్సుకు పంపడం నా పని. కొన్నేళ్లుగా ప్రతి ఫైలూ రంగు ప్రొఫైళ్లు లోపలే ఉండే పీడీఎఫ్/ఎక్స్-4 అనే ప్రింటు రకం పీడీఎఫ్‌గానే పంపుతున్నాను. దీని గురించి ఎవరడిగినా ముందు ఒక మాట చెబుతాను. ప్రొఫైల్ పెట్టినంత మాత్రాన స్క్రీన్ మీది రంగు ఉన్నదున్నట్టు కాగితం మీదకు రాదు. కాగితం మీద ఏ రంగు వస్తుందో మాత్రం ప్రింటింగ్ ప్లేట్లు తీయకముందే తెలుస్తుంది. నాకు కావాల్సింది అదే కాబట్టి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను.

స్క్రీన్ తనే వెలుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురులు కలిపి రంగు చూపిస్తుంది. కాగితం మీద ఇంకు చేసే పని దానికి తిరగబడి ఉంటుంది. గదిలో పడిన వెలుతురులో కొంత మింగేసి, మిగిలినదాన్ని కంటికి పంపుతుంది. అందుకే స్క్రీన్ మీద మెరిసే కొన్ని రంగులు నాలుగు ఇంకులతో అసలు రావు. నీలం సంగతి మరీ కష్టం. ఫోటోషాప్ మామూలు అమెరికా సెట్టింగుల్లో 0, 0, 255 అనే నిండు నీలాన్ని సీఎంవైకే అనే ఆ నాలుగు ఇంకుల అంకెల్లోకి మారిస్తే సయాన్ 88, మెజెంటా 77 వస్తాయి. మెజెంటా సయాన్‌కి అంత దగ్గరగా ఉంటే కాగితం మీద ఊదా రంగు తేలుతుంది. రుషికొండ సముద్రం బొమ్మ పక్కన అలాంటి నీలం పట్టీ పెట్టమని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతారు. నేను మెజెంటాని 60 దాకా తగ్గించి, సయాన్ 100 చేస్తాను. స్క్రీన్ మీది మెరుపు అప్పటికీ రాదు, కానీ నీలం నీలంగానే ఉంటుంది.

ఇంతవరకు ఇంకు పరిమితి. ప్రొఫైల్ దాన్ని పెంచలేదు. అది సరిచేసేది ఇంకో తేడాని. కొట్టుకెళ్లి ‘ఐదు ఇవ్వండి’ అంటే కిలోలా, గ్రాములా అని అడుగుతారు. ఫైల్లో ఉన్న ఎరుపు 200, ఆకుపచ్చ 60, నీలం 40 అనే అంకెలూ అంతే, కొలత చెప్పకపోతే వాటికి ఒక రంగంటూ ఉండదు. మామూలు స్క్రీన్ల కొలతైన ఎస్‌ఆర్‌జీబీలో అవి ఒక ఎరుపు, అంతకంటే ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీలో ఇంకా గాఢమైన ఇంకో ఎరుపు. ఆ కొలత చెప్పేదే ప్రొఫైల్.

ఏటికొప్పాక లక్కబొమ్మల కేటలాగు ఒకటి చేసినప్పుడు ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఫోటోలన్నీ అడోబీ ఆర్‌జీబీలో వచ్చాయి. వాటిలో కొన్ని వేరేచోట సైజు తగ్గించి పంపినవి, ఆ దారిలో ప్రొఫైల్ ఊడిపోయింది. ప్రొఫైల్ లేని ఫోటోని సాఫ్ట్‌వేర్ మామూలుగా ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది. దాంతో ఒకే ఎర్ర బొమ్మ ఒక పేజీలో నిగనిగలాడుతూ, ఇంకో పేజీలో ఎండకు వెలిసినట్టు కనిపించింది. నిజానికి ఆ బొమ్మల సహజ రంగులు, ముఖ్యంగా పసుపుతో చేసే పసుపు రంగు, ప్రింటులో బాగానే ఒదుగుతాయి. అంకెలను తప్పు కొలతతో చదవడం వల్లే ఎరుపు పాడైంది. ఊడిన ఫోటోలకు ఫోటోషాప్‌లో `Assign Profile` తో అడోబీ ఆర్‌జీబీ తిరిగి తగిలించగానే రెండు పేజీలూ కలిశాయి.

ఊడిన ఫోటోలేవో కనిపెట్టడానికి, పీడీఎఫ్/ఎక్స్-4 చేయకముందు తీసిన మామూలు పీడీఎఫ్ మీద నేను వాడేది పాప్లర్ టూల్స్‌లోని ఈ చిన్న కమాండ్:

```
pdfimages -list catalog.pdf
```

ఇది పీడీఎఫ్‌లోని ఫోటోలన్నిటినీ వరుసగా చూపిస్తుంది. `color` అనే నిలువు వరుసలో `icc` అని ఉంటే ప్రొఫైల్ ఉన్నట్టు, వట్టి `rgb` అని ఉంటే లేనట్టు. ప్రెస్సుకు పంపేముందు ఇది చూడందే నాకు తృప్తి ఉండదు.

ఫోటోల్లోని ప్రొఫైల్ ‘ఈ అంకెలు ఎక్కడివి’ అని చెబుతుంది. పీడీఎఫ్/ఎక్స్-4 లో దీనికి తోడు అవుట్‌పుట్ ఇంటెంట్ అని ఇంకో ప్రొఫైల్ ఉంటుంది. అది ‘ఈ ఫైలు ఏ కాగితానికి, ఏ ప్రింటింగ్‌కి’ అని చెబుతుంది. ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్ అయితే నేను `Coated FOGRA39` పెడతాను. అదే ఫైలు మాప్లితో మీద వేస్తామంటే ఒప్పుకోను. ఆ కాగితం ఇంకు పీల్చేస్తుంది, చుక్కలు పరుచుకుంటాయి, నీడలు మూసుకుపోతాయి. దానికి కోటింగ్ లేని కాగితం ప్రొఫైల్ వేరే పెట్టి, ఫైలు మళ్లీ తీయాలి. అక్రోబాట్‌లో `Output Preview` తెరిచి `Simulate Paper Color` టిక్ చేస్తే తెల్లని పేజీ ఒక్కసారిగా మసకబారుతుంది. చూసినవాళ్లు మొదట ముఖం చిట్లిస్తారు. కానీ ప్రింటు తెచ్చి పక్కన పెడితే ఎక్కువ పోలిక ఉండేది ఆ మసక పేజీకే.

ఇక ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే, కొన్నిచోట్ల మిషన్ మన ప్రొఫైల్‌ని పట్టించుకోదు. తక్కువ కాపీలకు వెళ్లే డిజిటల్ ప్రెస్సుల్లో ఈ టెన్షన్ ఎక్కువ. సెట్టింగుల్లో ‘ఫైల్లోని ప్రొఫైల్ వదిలేయి’ అని పెట్టి ఉంటే, వచ్చే ఆర్‌జీబీ మొత్తాన్నీ ఒకే రకంగా చదువుకుంటూ పోతుంది. అడిగితే ‘అన్నీ సరిగానే ఉన్నాయండి’ అంటారు. అందుకే కొత్త ప్రెస్సుకు ముందు ఒక టెస్టు పేజీ పంపుతాను. ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న మంచి రంగుల ఫోటో ఒకటి తీసుకుని, దాని కాపీని `Convert to Profile` తో అడోబీ ఆర్‌జీబీలోకి మారుస్తాను. ఇక్కడ `Assign Profile` వాడకూడదు, అది అంకెలను అలాగే ఉంచి కొలత మాత్రమే మారుస్తుంది. అంకెలు మారినా రంగు మారకపోవడమే ఈ టెస్టుకు ఆధారం. రెండిటినీ పక్కపక్కన పెట్టి, రెండు ప్రొఫైళ్లూ ఉంచి పీడీఎఫ్ తీస్తాను. ప్రింటులో రెండూ ఒకేలా వస్తే మిషన్ ప్రొఫైల్ చదువుతోంది. రెండోది పాలిపోతే చదవడం లేదు. అక్కడ ఫోటోలన్నీ ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి ఇవ్వడమే మేలు. ఈ పేజీని ఫోన్లో తెరిచి మన పీడీఎఫ్ యాప్‌ని కూడా పరీక్షించవచ్చు.

నల్ల అక్షరాల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. వర్డ్ లాంటివాటి నుంచి వచ్చే ఆర్‌జీబీ నలుపుని ప్రొఫైల్ ద్వారా మారిస్తే అది నాలుగు ఇంకుల నలుపు అవుతుంది. ఇందాక చెప్పిన సెట్టింగుల్లోనే 75, 68, 67, 90 వస్తుంది, మొత్తం 300 శాతం ఇంకు. ఫోటోలో నీడకు అది సరే. పది పాయింట్ల తెలుగు అక్షరానికి పనికిరాదు. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా వొత్తుల చుట్టూ ఎర్రటి, నీలిరంగు అంచు కనిపిస్తుంది, తలకట్టు అలుక్కుపోతుంది. `Output Preview` లో అక్షరం మీద కర్సర్ పెట్టి చూడండి. నలుపు 100, మిగతా మూడూ సున్నా ఉండాలి. లేకపోతే డిజైన్ ఫైల్లోనే అక్షరాన్ని వట్టి నలుపు ఇంకుగా మార్చుకోవాలి. ఇది ప్రొఫైల్‌కి వదిలేసే పని కాదు.

ఈమధ్య కస్టమర్లు ఫోన్లో వాట్సాప్‌లోనే ఓకే చెబుతున్నారు. వాళ్ల స్క్రీన్ వెలుగు ఎంతో, ఏ యాప్‌లో చూస్తున్నారో మన చేతిలో లేదు. అందుకే వాళ్లకు ప్రెస్సు ఫైలు పంపను. పేజీలను ప్రింటు ప్రొఫైల్‌లోకి మార్చి, అక్కడి నుంచి మళ్లీ ఎస్‌ఆర్‌జీబీకి తెచ్చి, ఆ కాపీ పంపుతాను. ఇంకుతో రాని రంగులు ఆ మార్పులోనే తగ్గిపోతాయి. ‘నీలం డల్‌గా ఉందేంటండీ’ అని ఫోన్ వస్తే అప్పుడే మాట్లాడుకుంటాం, ప్లేట్లకు ఇంకా డబ్బు పెట్టి ఉండం.