పర్సనల్ మోడ్ గేట్‌వేనా, స్టాండర్డ్ గేట్‌వేనా?

ఆఫీసు సర్వర్‌లోని డేటాబేస్ నుంచి పవర్ బీఐ డ్యాష్‌బోర్డు రోజూ తాజా కావాలంటే మధ్యలో డేటాను చేరవేసే గేట్‌వే ప్రోగ్రామ్ ఉండాలి. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది.

పర్సనల్ మోడ్ ఐదు నిమిషాల్లో ఇన్‌స్టాల్ అవుతుంది, కానీ అది మీ లాగిన్ కింద నడిచే మామూలు అప్లికేషన్. ఉదయం 6 గంటలకు రిఫ్రెష్ పెట్టి, రాత్రి లాగాఫ్ చేసి వెళ్లారనుకోండి. ఆ వేళకు గేట్‌వే ఆఫ్‌లైన్‌లో ఉంటుంది, రిఫ్రెష్ ఫెయిలవుతుంది. వరుసగా నాలుగుసార్లు ఫెయిలైతే పవర్ బీఐ షెడ్యూల్‌నే ఆపేస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లో ఉంచినా లాభం లేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయాల్సిందే. పాత అంకెలు చూస్తున్నామని చాలామందికి తెలిసేది అప్పుడే.

స్టాండర్డ్ గేట్‌వే విండోస్ సర్వీసుగా నడుస్తుంది, ఎవరూ లాగిన్ కాకపోయినా పనిచేస్తుంది. పైగా దాన్ని పలువురు వాడుకోవచ్చు, డేటాను కాపీ చేసుకోకుండా నేరుగా డేటాబేస్‌నే అడిగే డైరెక్ట్‌క్వెరీ కూడా కుదురుతుంది. మెషిన్ మాత్రం స్లీప్‌లోకి వెళ్లకూడదు.

దీని చిక్కు వేరు. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో సర్వర్ పేరు `SALESDB01` అని, గేట్‌వే కనెక్షన్‌లో అదే సర్వర్ ఐపీ అడ్రస్ ఇస్తే, రెండూ ఒకటేనని పవర్ బీఐ గుర్తించదు. రెండుచోట్లా ఒకే పేరు ఉండాలి.

డేటాబేస్ పాస్‌వర్డ్ మారితే ఏ గేట్‌వేతోనైనా రిఫ్రెష్ ఆగుతుంది. కొత్తది పవర్ బీఐలో ఇవ్వాలి. ఒక్కరే చూసుకునే రిపోర్టుకైతే పర్సనల్ మోడ్ చాలు. నలుగురు ఆధారపడే డ్యాష్‌బోర్డుకు నేను స్టాండర్డే పెడతాను, అదీ ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్ మీద.